ఆ సాయంత్రమే చెప్పగలిగి ఉంటే

(మండల సమాఖ్య వార్షిక మహాజన సభలో కమ్యూనిటీ ఆడిటర్ల బృందం తరఫున చదివిన ప్రసంగ పాఠం)



ప్రతి ఏడూ ఈ సభలో మేము చేసేది ఒకటే పని. ఏ గ్రామానికి ఏ గ్రేడు వచ్చిందో చదువుతాం, ఏ గ్రేడు వచ్చిన వాళ్లు చప్పట్లు కొడతారు, సీ గ్రేడు వాళ్లు తలొంచుకుంటారు, మధ్యాహ్నం భోజనాలకు లేస్తాం. ఈసారి గ్రేడ్ల పట్టిక నివేదికలోనే అచ్చయింది కాబట్టి దాన్ని మళ్లీ చదవం. మాకిచ్చిన సమయంలో, పుస్తకాలు రాసే కొత్త పిల్లల గురించి మాట్లాడదామనుకున్నాం. వాళ్లు తప్పు చేసినప్పుడు మనకెందుకు చెప్పరు, తెలియనిది ఎందుకు అడగరు, చెప్పాలన్నా అడగాలన్నా మన వైపు నుంచి ఏం మారాలి అన్నదే విషయం.

ముందుగా ఒక గ్రామంలో జరిగింది చెబుతాం. ఊరి పేరు, మనిషి పేరు చెప్పం. తెలిసినవాళ్లు కూడా దయచేసి పక్కవాళ్ల చెవిలో వేయకండి.

ఆ ఊళ్లో రెండు సంఘాలకు ఒకే బ్యాంకు బ్రాంచిలో లింకేజీ అప్పులున్నాయి. రెండు సంఘాల పేర్లూ లక్ష్మి పేరుతోనే మొదలవుతాయి, కాబట్టి మొదటి సంఘం, రెండో సంఘం అనుకుందాం. మొదటి సంఘం కిస్తీ నెలకు 16,000 రూపాయలు, రెండో సంఘానిది 12,000. వీఓఏ అమ్మాయి కొత్తగా చేరింది, డిగ్రీ చదివింది, రాత ముత్యాల్లా ఉంటుంది. ఒక నెల ఎనిమిదో తారీఖున రెండు సంఘాల డబ్బూ పట్టుకుని బ్యాంకుకు వెళ్లింది. పాస్‌బుక్కులు రెండూ ఒకదాని మీద ఒకటి పెట్టుకుని చలానాలు రాసింది. రెండు చలానాల మీదా రెండో సంఘం అప్పు ఖాతా నంబరే పడింది. అంటే మొదటి సంఘం వాళ్ల 16,000 కూడా రెండో సంఘం అప్పులోనే జమ అయ్యింది.

సాయంత్రం ఇంటికొచ్చి చలానా కౌంటర్‌ఫాయిలు పుస్తకంలో అతికిస్తుంటే ఆ అమ్మాయికే కనబడింది. ఇంకెవరూ పట్టుకోలేదు, తనకు తానే పట్టుకుంది. ఆ క్షణంలో ఈ తప్పు ఖరీదు ఎంతో చూడండి. రెండు సంఘాల లీడర్లనూ పిలిచి చెబితే, మర్నాడు రెండు సంఘాల తీర్మానాల నకళ్లు, కౌంటర్‌ఫాయిలు తీసుకుని బ్యాంకు మేనేజరు గారిని కలవొచ్చు. ఆయన సరిచేయడానికి వీలుందంటే అక్కడితో అయిపోతుంది. వీల్లేదంటే, రెండో సంఘం అప్పు ఎలాగూ 16,000 తగ్గింది కాబట్టి, వాళ్లు తీర్మానం రాసుకుని తమ పొదుపు ఖాతా నుంచి అంత సొమ్మూ మొదటి సంఘం అప్పు ఖాతాకు ఆ నెలలోనే కట్టొచ్చు. పోయేది రెండు సార్ల ఆటో చార్జీలు, ఒక పూట కూలి.

ఆ అమ్మాయి చెప్పలేదు.

ఎందుకు చెప్పలేదో మేము తర్వాత అడిగితే, ఒక్క మాటే అంది. అంతకు ముందు నెల సమీక్షా సమావేశంలో ఇంకో ఊరి అమ్మాయికి నగదులో 340 రూపాయలు తక్కువ వచ్చిందట. ఆ పిల్లను అందరి ముందూ నిలబెట్టి, “డబ్బులు లెక్కపెట్టడం కూడా రానిదానివి ఈ పనికి ఎందుకొచ్చావమ్మా” అన్నారట. అన్నది ఎవరన్నది ఇక్కడ ముఖ్యం కాదు. ఆ మాట విని గదిలో కొందరు నవ్వారు. “340కే అంత మాట అంటే, నా 16,000కి ఏమంటారో అనుకున్నా అక్కా” అంది.

చెప్పకుండా ఏం చేసిందో ఇప్పుడు చూడండి. మరుసటి నెల మొదటి సంఘం దగ్గర 16,000, రెండో సంఘం దగ్గర 12,000 వసూలైంది. మొత్తం 28,000 మొదటి సంఘం ఖాతాలోనే కట్టేసింది. ఆ ఖాతాకు రెండు నెలల కిస్తీలు కలిపి 32,000 కావాలి, ఇంకా 4,000 తక్కువ. చెవి కమ్మలు కుదువ పెట్టి ఆ 4,000 తనే వేసింది. మూడో నెలలో రెండో సంఘం నుంచి 12,000 వసూలు చేసి 8,000 మాత్రం కట్టి, తన 4,000 తీసుకుని కమ్మలు విడిపించుకోవచ్చనుకుంది.

లెక్క ప్రకారం చూస్తే ఒక్క రూపాయి తేడా లేదు. మేము కాగితం మీద వేసుకుని చూశాం కూడా. రెండో నెల ఆఖరుకు మొదటి సంఘానికి కట్టాల్సిన 32,000 కట్టేసి ఉంది. రెండో సంఘానికి కట్టాల్సింది 24,000, పడింది 28,000. ఎక్కువ పడిన ఆ 4,000 ఆ పిల్లదే. ఇందాక మేము చెప్పిన తీర్మానం పద్ధతిలో చేసినా లెక్క దాదాపు ఇదే. తేడా ఏమిటంటే, తీర్మానం రాసి చేస్తే అది సర్దుబాటు. దాచి చేస్తే పుస్తకంలో అబద్ధం రాయాల్సి వస్తుంది. రెండో సంఘం నగదు పుస్తకంలో “బ్యాంకు కిస్తీ 12,000 చెల్లింపు” అని రాసింది, కానీ దానికి చలానా లేదు. మొదటి సంఘం పుస్తకంలో ముందు నెల కిస్తీ సమయానికే కట్టినట్టు రాసింది, బ్యాంకులో మాత్రం అది ఒక నెల ఆలస్యం. సకాలంలో కట్టిన సంఘాలకు వచ్చే వడ్డీ రాయితీ గురించి మీకు మేము చెప్పనక్కర్లేదు. కష్టపడి సమయానికి డబ్బిచ్చిన పది మంది ఆడవాళ్లు బ్యాంకు లెక్కలో ఆలస్యం చేసినవాళ్లయ్యారు.

మూడో నెల రాకముందే రెండో సంఘం అధ్యక్షురాలు కొత్త లింకేజీ పని మీద బ్యాంకుకు వెళ్లి స్టేట్‌మెంటు తెచ్చుకుంది. అందులో తమది కాని 16,000 కనబడింది, తాము కట్టామనుకున్న 12,000 కనబడలేదు. సాయంత్రానికి ఊరంతా ఒకటే మాట, “మా పన్నెండు వేలు తినేసింది” అని. ఆ పిల్ల అత్తగారు కూడా అదే సంఘంలో సభ్యురాలు. ఆ ఇంట్లో ఆ రాత్రి ఏం జరిగిందో మేము ఇక్కడ చెప్పం.

మమ్మల్ని పిలిచారు. రెండు బ్యాంకు స్టేట్‌మెంట్లూ, చలానా కౌంటర్‌ఫాయిళ్లూ, రెండు నగదు పుస్తకాలూ పక్కపక్కన పరిచి తారీఖుల వారీగా టిక్కు పెట్టుకుంటూ వస్తే, మధ్యాహ్నానికల్లా తేలిపోయింది. ఒక్క రూపాయి కూడా తినలేదని, పైగా తన 4,000 సంఘం ఖాతాలో ఉందని రాసిచ్చాం. గ్రామైక్య సంఘం తీర్మానం చేసి ఆ డబ్బు తిరిగి ఇచ్చేసింది. కానీ ఆ అమ్మాయి మళ్లీ పుస్తకాలు పట్టుకోలేదు. ఇప్పుడు పక్క పట్నంలో బట్టల కొట్లో పనిచేస్తోంది. అంత చక్కటి రాత, అంత చురుకు ఉన్న మనిషిని మన సమాఖ్య పోగొట్టుకుంది.

ఇందులో అసలు తప్పు ఏదని మమ్మల్ని అడిగితే, ఎనిమిదో తారీఖున చలానా మీద రాసిన నంబరు కాదంటాం. అలాంటివి బ్యాంకులో జీతాలు తీసుకునే వాళ్లూ చేస్తారు. ఆ సాయంత్రానికీ రెండో నెలకూ మధ్య గడిచిన మౌనమే అసలు నష్టం చేసింది. ఆ మౌనం ఆ అమ్మాయి ఇంట్లో పుట్టలేదు, మన సమావేశ మందిరంలో, 340 రూపాయల దగ్గర పుట్టింది.

ఈ విషయం మనకొక్కరికే వచ్చింది కాదు. అమెరికాలో ఏమీ ఎడ్మండ్‌సన్ అనే పరిశోధకురాలు 1990ల్లో ఆసుపత్రుల్లో నర్సుల బృందాలను పరిశీలించింది. రోగులకు మందులు ఇవ్వడంలో పొరపాట్లు ఏ బృందంలో ఎక్కువో, ఏ బృందంలో తక్కువో చూద్దామనుకుంది. కలివిడిగా పనిచేసే మంచి బృందాల్లో పొరపాట్లు తక్కువ ఉంటాయని ఎవరైనా అనుకుంటాం కదా, ఆవిడా అలాగే అనుకుంది. లెక్క తిరగబడింది. మంచి బృందాల్లోనే ఎక్కువ పొరపాట్లు కనబడ్డాయి. లోతుగా చూస్తే, వాళ్లు ఎక్కువ తప్పులు చేస్తున్నారని కాదు, చేసినవి బయటికి చెప్పుకుంటున్నారని అర్థమైంది. పెద్ద నర్సంటే భయపడే వార్డుల్లో కాగితం మీద తప్పులు తక్కువగా కనబడ్డాయి. 1999లో ఆవిడ రాసిన వ్యాసంతో దీనికి ‘మానసిక భద్రత’ అన్న మాట బాగా వాడుకలోకి వచ్చింది. నాకు తెలీదు, నేను పొరపాటు చేశాను అని నలుగురిలో అంటే పరువు పోదు, పని పోదు అన్న నమ్మకం బృందంలో అందరికీ ఉండటమే దాని అర్థం.

ఇది విన్నాక మేము మా ఆడిట్ పద్ధతినే మళ్లీ చూసుకున్నాం. కొట్టివేతలు లేని పుస్తకాన్ని ఇన్నాళ్లూ మంచి పుస్తకం అనేవాళ్లం. ఇప్పుడు ఏడాది పొడవునా ఒక్క దిద్దుబాటు కూడా లేని నగదు పుస్తకం కనబడితే ముందు దాన్నే తీసి చూస్తున్నాం. భయంతో రాసిన పుస్తకానికి కొన్ని గుర్తులుంటాయి. నెలంతా ఒకే పెన్నుతో, ఒకే ఒత్తుతో రాసి ఉంటుంది, అంటే ఏ రోజుదారోజు రాయలేదు, ఆడిట్‌కు ముందు ఇంట్లో కూర్చుని చిత్తు కాగితం నుంచి ఎక్కించారు. చేతి నగదు ప్రతిసారీ పైసాతో సహా సరిపోతుంది. సభ్యుల పాస్‌పుస్తకాలు సభ్యుల ఇళ్లలో ఉండవు, “రాసిస్తా” అని తీసుకున్నవి నెలల తరబడి వీఓఏ సంచిలోనే ఉంటాయి. పెన్సిల్ అంకెలు ఉంటాయి. సమావేశంలో ఆ ఊరి నుంచి ఒక్క ప్రశ్న కూడా రాదు. ఈ ఆఖరిదే మాకు అన్నిటికంటే పెద్ద గుర్తు. చేరి మూడు నెలలు కాని మనిషికి ఒక్క సందేహం కూడా లేదంటే అన్నీ తెలిసిపోయి కాదు కదా.

గుర్తులు పట్టుకోవడం మా పని. కానీ ఆ భయం పోవాలంటే మనందరం కలిసి చేయాల్సింది వేరే ఉంది. మూడు క్లస్టర్లలో ఈ ఏడాది మేము పెట్టి చూసిన పద్ధతి చెబుతాం. అన్నీ పారలేదు, పారనివి కూడా చెబుతాం.

నెలవారీ వీఓఏల సమావేశంలో మొదటి అరగంటను ‘దిద్దుబాట్ల వేళ’ అన్నాం. ఆ నెలలో ఎవరి పుస్తకంలో ఏం దిద్దుకున్నారో ఎవరికి వాళ్లు చెప్పాలి. మొదటి నెల ఎవరూ నోరు విప్పలేదు. రెండో నెలా అంతే, గోడ గడియారం చప్పుడు తప్ప ఏమీ లేదు. అప్పుడు గదిలో ఎవరున్నారని చూసుకున్నాం. సీసీ ఉన్నారు, ఏపీఎం గారు ఉన్నారు, మేమూ ఉన్నాం. గౌరవ వేతనం మీద, గ్రేడు మీద సంతకం పెట్టే చేతులన్నీ అక్కడే ఉంటే ఏ పిల్ల చెబుతుంది? ఏపీఎం గారితో మాట్లాడితే, ఆయన పెద్దమనసుతో “నేను అరగంట ఆగి వస్తాలెండి” అన్నారు. కుర్చీలు తీసేసి అందరం చాప మీద గుండ్రంగా కూర్చున్నాం. ఇది చిన్న విషయంలా ఉంటుంది గానీ, ఎదురుగా టేబులు వేసుకుని కూర్చుంటే అది విచారణలాగే ఉంటుంది.

మూడో నెల పదిహేనేళ్లుగా పుస్తకాలు రాస్తున్న ఒక పెద్దావిడ చేత మొదలుపెట్టించాం. “పోయిన వారం ఒకావిడ వడ్డీని అసలులో జమ రాసేశానే, రాత్రి పడుకోబోతూ గుర్తొచ్చి లేచి కూర్చున్నా” అని నవ్వుతూ చెప్పింది, కొట్టివేత కూడా చూపించింది. ఒకటే గీత, కింద పాత అంకె కనబడుతూ, పైన సరైన అంకె, పక్కన సంతకం, తారీఖు. వైట్నరు లేదు, గోకడం లేదు. పెద్దావిడకే అలా అవుతుందని చూశాక ఒక చిన్న గొంతు లేచింది. “నాకు నగదు పుస్తకానికీ, పొదుపు లెడ్జరుకూ తొంభై రూపాయలు తేడా వస్తోందక్కా. మూడు రాత్రుళ్ల నుంచి కూడుతున్నా.” వెంటనే పెద్దావిడ, “తొంభై తొమ్మిదితో పోతుంది కదే, అయితే ఎక్కడో పక్కపక్క అంకెలు తారుమారయ్యుంటాయి, కూడికలు వదిలేసి అంకెలు చూడు” అంది. పుస్తకం తెరిచి చూస్తే ఒక చోట 1,540, ఇంకో చోట 1,450. పది నిమిషాలు పట్టలేదు. మూడు రాత్రుళ్ల నిద్ర పోగొట్టుకున్న పిల్ల ముఖం అప్పుడు చూడాలి! ఆ ఉపాయం ఆ రోజు గదిలో ఉన్న అందరికీ వచ్చేసింది. మేము శిక్షణలో ఈ సంగతి చెప్పకపోలేదు, కానీ తన తేడాకు అది పనికొచ్చినప్పుడే మనిషికి గుర్తుంటుంది.

రెండో సంగతి, ఎవరైనా తప్పు చెప్పినప్పుడు మన నోటి నుంచి వచ్చే మొదటి మాట. మనకు అలవాటైన మాట “ఎందుకిలా చేశావు?” దానికి సమాధానం ఉండదు, ఏడుపే ఉంటుంది. దాని బదులు మూడు ప్రశ్నలు అనుకున్నాం. ఎప్పుడు గమనించావు? ఇప్పటికి డబ్బు ఎక్కడుంది? రేపు పొద్దున్నే మనం ఎవరిని కలవాలి? వీటిలో నిందించే మాటేమీ లేదు, కావాల్సిన సమాచారమంతా వస్తుంది. ఎందుకు జరిగిందన్నది వారం ఆగి అడగొచ్చు. అప్పటికి భయం తగ్గి నిజమైన కారణం చెబుతారు. చలానాల గొడవలో మేము అలా అడిగితేనే తెలిసింది, ఆ అమ్మాయికి పాస్‌బుక్కులు పెట్టుకోవడానికి ఒకటే సంచి ఇచ్చారని. ఇప్పుడు ఆ ఊళ్లో ఒక్కో సంఘానికి ఒక్కో రంగు కవరు ఉంది, బ్యాంకుకు వెళ్లేముందు సంఘం లీడరు చలానా మీద నంబరు పాస్‌బుక్కుతో సరిచూసి సంతకం పెడుతోంది.

ప్రశ్నలు అడగడం గురించి. “అర్థమైందా?” అని అడిగితే మన దేశంలో ఇప్పటిదాకా కాలేదన్న శిష్యురాలు పుట్టలేదు. అందుకని ఆ మాటే మానేశాం. “సభ్యురాలు కిస్తీలో సగమే తెచ్చింది, ఎలా జమ రాస్తారో ఈ కాగితం మీద రాయండి” అంటాం. అలా ఇచ్చిన రోజునే ఒక కొత్త అమ్మాయి, “ముందు వడ్డీకా అక్కా, అసలుకా?” అని అడిగింది. ముందు ఆనాటి వరకు అయిన వడ్డీకి, మిగిలింది అసలుకు అని మా జవాబు. కానీ ఆ ప్రశ్న వల్ల ఇద్దరు ముగ్గురు సీనియర్లు ఏళ్ల తరబడి ఎదురు రాస్తున్నారని తేలింది. వాళ్లకు ఎవరూ చెప్పక కాదు, ఇన్నేళ్లకు అడిగితే నవ్వుతారని అడగక. “ఇది కూడా తెలీదా” అన్న ఒక్క మాట ఎంత కాలం పనిచేస్తుందో చూడండి.

ప్రశ్నల పెట్టె పెట్టి చూశాం, పేరు లేకుండా చీటీలు వేయమని. అది పారలేదు. పాతిక మందిలో ఎవరి రాత ఎవరిదో అందరికీ తెలుసు. చీటీ తీయగానే “ఇది ఫలానావిడ రాతే” అని గుసగుసలు. రెండు నెలలకు పెట్టె తీసేశాం. దాని బదులు పనిచేసింది ‘తోడు’. కొత్తగా చేరిన ప్రతి వీఓఏకు పక్క ఊరి సీనియరు ఒకరిని తోడు పెట్టాం. సొంత ఊరి మనిషి వద్దు, ఆ అమ్మాయి మీద అధికారం ఉన్న మనిషి అసలే వద్దు. సాయంత్రం ఎనిమిదింటికి ఫోన్ చేసి “అక్కా, ఇదెక్కడ రాయాలి” అని అడగడానికి ఒక మనిషి. తోడు అక్క చేయాల్సిందల్లా విని చెప్పడం, విన్నది ఎక్కడా అనకపోవడం. పెద్ద మొత్తం అయితే మాత్రం మర్నాటికల్లా ఇద్దరూ కలిసి గ్రామైక్య సంఘం అధ్యక్షురాలికి చెప్పాలి. ఒంటరిగా చెప్పడం కన్నా పక్కన ఒకరుంటే తేలిక.

సొంత ఊరి మనిషి ఎందుకు వద్దన్నామో పెద్దవాళ్లకు కొంచెం వివరంగా చెప్పాలి. ఆఫీసుల్లో పనిచేసే వాళ్లకు తప్పు ఆఫీసులోనే ఆగుతుంది. మన వీఓఏ ఆ ఊరి కోడలు. అధ్యక్షురాలు అత్త వరస అవుతుంది, కోశాధికారి ఆడపడుచు అవుతుంది. పుస్తకంలో తప్పు రాత్రికి వంటింట్లోకి వస్తుంది, “మీ కోడలు లెక్కలు తప్పిందట” అని. అందుకే దిద్దుబాట్ల వేళలో విన్నది బయట అనకూడదని, తీర్మానాల పుస్తకంలో దిద్దుబాటు రాసేటప్పుడు మనిషి పేరు కాక లావాదేవీ వివరాలే రాయాలని అనుకున్నాం. ఇది పూర్తిగా ఆగిందని చెప్పలేం. ఒక క్లస్టరులో మాట బయటికి పోయింది, ఆ తర్వాత రెండు నెలలు ఆ గుండ్రంలో మళ్లీ మౌనమే. నమ్మకం రావడానికి పట్టినంత కాలం పోవడానికి పట్టదు.

ఇంకొకటి, తక్కువ వచ్చిన డబ్బును వీఓఏ గౌరవ వేతనంలో కోసుకునే అలవాటు. చాలా ఊళ్లలో ఇది న్యాయమనుకుంటున్నారు. మా అభిప్రాయం వేరు. కోత ఉన్న చోట తేడా ఎప్పుడూ కనబడదు, ఎందుకంటే కనబడకముందే ఆ పిల్ల తన జేబులోంచి వేసేస్తుంది, లేదంటే ఎక్కువ వచ్చిన రోజు తీసి పక్కన పెట్టుకుని తక్కువ వచ్చిన రోజు వేస్తుంది. అప్పుడు పుస్తకం సరిపోతుంది గానీ నిజం చెప్పదు. తేడా వస్తే ముందు ఆ రోజు డబ్బిచ్చిన, తీసుకున్న సభ్యుల పాస్‌పుస్తకాలు తెప్పించి చూడండి. ఎక్కువగా అక్కడే దొరుకుతుంది. దొరక్కపోతే, చిన్న మొత్తమైతే, సంఘం తీర్మానంతో ఖర్చు రాసుకోవచ్చు. ఎంత వరకు చిన్న మొత్తం అన్నది మీ సంఘం ముందే నిర్ణయించుకోవాలి, తేడా వచ్చిన రోజు కాదు.

ఇక్కడ కొందరు అధ్యక్షురాళ్లు మమ్మల్ని నిలదీశారు. “ఇలా అన్నిటికీ ఫర్వాలేదంటే రేపు నిజంగా తినేవాళ్లు తినరా?” అని. న్యాయమైన ప్రశ్న, తేలిగ్గా తీసుకోం. డబ్బు వాడుకోవడం వేరు, తప్పు రాయడం వేరు, రెండూ పుస్తకంలో వేరుగానే కనబడతాయి. పొరపాట్లు రెండు వైపులా పడతాయి, ఒకసారి ఎక్కువ వస్తుంది, ఒకసారి తక్కువ వస్తుంది. వాడుకున్న డబ్బు ఎప్పుడూ ఒకే వైపు పోతుంది, మొత్తాలు తరచూ గుండు సున్నాలతో ఉంటాయి, రశీదు పుస్తకంలో నడుమ నంబరు మాయమవుతుంది, పాస్‌పుస్తకం అడిగితే రేపు మాపు అంటారు. చలానాల అమ్మాయి పుస్తకంలో అబద్ధం ఉందిగా అంటారేమో. ఉంది, అందుకే ఊరు దొంగతనం అనుకుంది. కానీ కౌంటర్‌ఫాయిళ్లన్నీ అతికించే ఉన్నాయి, ఒక్కటీ చింపలేదు. డబ్బు తిన్నవాళ్లు ముందు చేసేది కౌంటర్‌ఫాయిలు చింపడం.

కాబట్టి మేము పెట్టుకున్న గీత ఇది. మనం కనుక్కోకముందు తనంతట తాను చెప్పినదానికి జరిమానా లేదు, గ్రేడు కోత లేదు, నలుగురిలో నిలబెట్టడం లేదు. దిద్దడం మాత్రం తప్పదు, దిద్దిన కాగితం మాకు చూపించాలి. అదే తప్పు మూడోసారి వస్తే తిట్టం, తోడు అక్కను వారానికోసారి ఆ ఊరు పంపుతాం. డబ్బు వాడుకున్నారని తేలితే మాత్రం కార్యవర్గం ముందు పెట్టడం, వసూలు చేయడం, బాధ్యత తీసేయడం మామూలు నిబంధనల ప్రకారమే జరుగుతుంది, అందులో మేము ఎవరి తరఫునా మాట్లాడం. భయం తగ్గించడం అంటే లెక్క అడగడం తగ్గించడం కాదు. నిజానికి తప్పులు ముందే చెప్పే ఊళ్లలో మాకు లెక్క అడగడానికి ఎక్కువ సమయం దొరుకుతోంది, వెతుకులాట తగ్గింది కాబట్టి.

ఒక హెచ్చరిక చెప్పాలి. ఈ మూడు క్లస్టర్లలోనూ దిద్దుబాట్ల సంఖ్య పెరిగింది. బయటి నుంచి వచ్చి రిజిస్టరు చూసినవాళ్లు “ఇక్కడ తప్పులు ఎక్కువయ్యాయే” అనొచ్చు, ఒకరు అన్నారు కూడా. అప్పుడు అధ్యక్షురాలు కంగారుపడి “ఇకనుంచి దిద్దుబాట్లు తగ్గించండి” అందంటే ఏడాది పని ఒక్క మాటతో పోతుంది. తగ్గాల్సింది దిద్దుబాట్ల సంఖ్య కాదు, తప్పు జరిగిన తారీఖుకూ దిద్దిన తారీఖుకూ మధ్య రోజులు. అందుకే దిద్దుబాట్ల పుస్తకంలో రెండు తారీఖుల గళ్లు పెట్టించాం. చూసేవాళ్లు ఆ రెండు గళ్లే చూడాలని మా కోరిక. మొదట్లో ఆ ఎడం ఆడిట్ నుంచి ఆడిట్ దాకా ఉండేది. ఇప్పుడు కొన్ని ఊళ్లలో జరిగిన రోజూ, దిద్దిన రోజూ ఒకటే తారీఖు కనబడుతోంది.

పారని చోట్లు కూడా ఉన్నాయి. అధ్యక్షురాలి సొంత కిస్తీయే బకాయి ఉన్న ఊళ్లో కొత్త పిల్ల “మీ ఖాతాలో తేడా ఉందత్తా” అని అనలేకపోతోంది. అక్కడ చాపా, గుండ్రం, తోడు ఏవీ సరిపోవు. పదాధికారుల ఖాతాలను మేమే ఆరు నెలలకోసారి వేరే చూసి, ఫలితం మేమే చదువుతామని ప్రతిపాదించాం. కార్యవర్గం అజెండాలో ఆ అంశం ఆరోదిగా ఉంది.

వచ్చే నెల నుంచి మిగిలిన క్లస్టర్లలో కూడా తోడు పద్ధతి మొదలవుతుంది. కొత్తగా చేరిన వీఓఏలకు ఇంకా తోడు కుదరలేదు. ఐదేళ్లు పైబడి పుస్తకాలు రాసిన అక్కలు, ఫోన్ ఎత్తి చిరాకు పడకుండా మాట్లాడగలమనుకున్న వాళ్లు, భోజనాలకు లేచేలోగా రిజిస్ట్రేషన్ బల్ల దగ్గరున్న మా బృందానికి పేరు, ఊరు, సాయంత్రం ఏ వేళ ఖాళీగా ఉంటారో చెప్పండి. పక్క ఊరి పిల్లను జత కలుపుతాం. కొత్త వీఓఏ చెల్లెళ్లు కూడా ఎవరి దగ్గర అడగడానికి మొహమాటం ఉండదో ఆవిడ పేరు మా చెవిలో వేస్తే చాలు, ఎందుకని మేము అడగం.